‘ఖాయం’ లేని రాశిఫలం

యూట్యూబ్‌లో ఏ రాశి పేరు కొట్టినా ఎదురయ్యే శీర్షికలు ఇంచుమించు ఒకే గొంతుతో మాట్లాడతాయి. “పట్టిందల్లా బంగారమే”, “కోటీశ్వరులు అవ్వడం ఖాయం”, “ఒక స్త్రీ వల్ల మీ జీవితంలో జరగబోయేది తెలిస్తే షాక్ అవుతారు”, “100% జరిగి తీరుతుంది”. రాశి పేరు ఒక్కటి మార్చి అదే వాక్యాన్ని మిగతా పదకొండు రాశులకీ అతికిస్తారు. వాటిని నొక్కేవాళ్లలో సరదాగా చూసేవాళ్లు ఉంటారు. వడ్డీలు కట్టలేక సతమతమవుతున్నవాళ్లు, కూతురి సంబంధం మూడోసారి తప్పిపోయి దిగులుతో ఉన్నవాళ్లు కూడా ఉంటారు. ఈ రెండో రకం మనిషికి ‘ఖాయం’ అన్న మాట కాలక్షేపం కాదు. ఆ మాట పట్టుకుని ఉన్న నగ కుదువ పెట్టేవాళ్లు, చేస్తున్న ఉద్యోగం వదిలేసేవాళ్లు ఉంటారు.

ఛానల్ నడిపేవాళ్లని అడిగితే ఒకే సమాధానం వస్తుంది: “ఆ మాటలు లేకపోతే ఎవరూ నొక్కరండీ.” అది నిజం కాదని చెప్పడానికే ఈ వ్యాసం. హామీ ఇవ్వకుండానే వెతికితే దొరికేలా, చూడగానే నొక్కాలనిపించేలా రాశిఫలాల వీడియోకి పేరు పెట్టవచ్చు. దానికి జ్యోతిషం ఎంతవరకు చెబుతుందో తెలియాలి, యూట్యూబ్ వెతుకులాట ఎలా నడుస్తుందో తెలియాలి.

మొదట హామీ సంగతి. జ్యోతిషం పరీక్షకి నిలుస్తుందా అని మన దేశంలోనే ఒక ప్రయోగం జరిగింది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, హేతువాది నరేంద్ర దభోల్కర్, మరికొందరు కలిసి మహారాష్ట్రలో చేసిన ఆ ప్రయోగం ఫలితాలు 2009లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వచ్చాయి. చదువులో ముందున్న పిల్లలవి, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి జాతకాలు సేకరించి, ఒక్కొక్కరికీ 40 జాతకాలు పంపి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది జ్యోతిష్కుల సగటు 46 శాతం. నాణెం ఎగరేసినా సగం సరిపోతాయి. నమ్మకం ఎవరిష్టం వాళ్లది, దాని జోలికి నేను పోను. కానీ వందకి వంద అని శీర్షికలో రాసే హక్కు మాత్రం ఈ లెక్క చూశాక ఎవరికీ ఉండదు.

ఆ హక్కు సంప్రదాయమూ ఇవ్వలేదు. టీవీలోనూ ఫోన్లోనూ మనం వినే రాశిఫలాలు గోచార ఫలాలు. అంటే, పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి నుంచి లెక్కపెట్టి, ఇప్పుడు శని ఎన్నో ఇంట ఉన్నాడు, గురువు ఎన్నో ఇంట ఉన్నాడు అని చూసి చెప్పేవి. అవి దేశంలో ఆ రాశిలో పుట్టిన ప్రతి ఒక్కరికీ ఒకటే. మనిషి మనిషికీ మారేది లగ్నం, నడుస్తున్న మహాదశ, అంతర్దశ, అష్టకవర్గంలో ఆ గ్రహానికి వచ్చిన బిందువులు. గోచారం బాగున్నా దశ బాగోకపోతే ఫలితం తగ్గుతుందని ఏ సిద్ధాంతి అయినా చెబుతాడు. గోదావరి జిల్లాలో చిన్న ఛానల్ నడిపే ఒక పెద్దాయనతో ఈ విషయం మాట్లాడినప్పుడు ఆయన అన్నది ఇది: “జాతకం చేతిలో పెట్టుకుని కూడా నేను ‘జరిగి తీరుతుంది’ అనను బాబూ. జాతకమే చూడకుండా లక్షమందికి ఎలా అంటాను?” ఆయన వీడియోలో ఆ జాగ్రత్త వినపడుతుంది. వీడియో ఎక్కించే కుర్రాడు పెట్టిన పేరులో మాత్రం అది లేదు. తేడా వస్తున్నది చాలా చోట్ల ఇక్కడే.

కొందరు ఈ తేడాని ‘వచ్చు’తో పూడ్చాలని చూస్తారు. “ధనలాభం కలగవచ్చు”, “ఉద్యోగం రావచ్చు”, “మార్పులు ఉండవచ్చు”. అబద్ధం లేదు, నిజమే. కానీ ఉప్పూ కారం కూడా లేవు. అలాంటి పేరు చూసి ఎవరూ ఆగరు, ఆ తర్వాత వాళ్లు మళ్లీ ‘ఖాయం’ దగ్గరికే పోతారు. దారి అది కాదు. రాశిఫలం వీడియోలో నిజంగానే ఖాయమైన సంగతులు చాలా ఉన్నాయి. ఏ గ్రహం ఏ తేదీన ఏ రాశిలోకి వస్తుంది, అది మీ రాశికి ఎన్నో ఇల్లు, ఎన్నాళ్లు ఉంటుంది, వీడియోలో ఏయే విషయాలు మాట్లాడారు: ఇవన్నీ గణితం, వాస్తవం. గట్టిగా చెప్పాల్సినవి వీటినే. ఫలితాన్ని ప్రశ్నగా వదిలేయాలి, లేదా ‘గోచారం ఏమంటోంది’ అని దాని మూలానికి అప్పగించాలి. అప్పుడు శీర్షికలో నీళ్లు నమిలినట్టు ఉండదు, అబద్ధమూ ఉండదు.

గణితం అన్నా ఒక మెలిక ఉంది. 2025 మార్చి 29న శని మీన రాశిలోకి వచ్చాడని దృక్ గణితం అనుసరించే పంచాంగాలన్నీ రాశాయి. కారైక్కాల్ దగ్గర శని క్షేత్రంగా పేరున్న తిరునళ్ళారు ఆలయం మాత్రం తాము పాటించే వాక్య పంచాంగం ప్రకారం ఆ మార్పు 2026లో అని ప్రకటించింది. తేదీలోనే ఇంత తేడా రాగలిగినప్పుడు, ఏ పంచాంగం ప్రకారం చెబుతున్నారో వీడియో కింద వివరణలో ఒక్క ముక్క రాయడం మంచిది. శీర్షికలో అంత చోటు ఉండదు.

చోటు ఎంత ఉంటుంది? యూట్యూబ్ శీర్షికకి పరిమితి 100 అక్షరాలు. తెలుగువాళ్లకి ఇక్కడొక ఇబ్బంది ఉంది, చాలామంది గమనించరు. మనం ఒక అక్షరం అనుకునేది కంప్యూటర్‌కి ఒకటి కాదు. గుణింతం గుర్తు విడిగా, పొల్లు విడిగా, సున్నా విడిగా లెక్కకొస్తాయి. ‘నక్షత్రం’ అని రాస్తే మన కంటికి మూడు అక్షరాలు, లెక్కలో 8. ‘మీన రాశి’ మధ్య ఖాళీతో కలిపి 8. అందుకే తెలుగు శీర్షిక అనుకున్నదానికన్నా త్వరగా నిండిపోతుంది. ఆపైన ఫోన్లో వంద అక్షరాలూ కనపడవు, వెనక సగం చుక్కల్లో కలిసిపోతుంది. కాబట్టి మొదటి నలభై, యాభైలోపే రాశి పేరు, కాలం, అసలు సంగతి వచ్చేయాలి. “షాకింగ్ న్యూస్”, “ఓం నమః శివాయ”, “ఇది చూడకపోతే నష్టపోతారు” లాంటివి ముందు పెడితే విలువైన చోటు పోతుంది. రాశి పేరు చుక్కల వెనక ఉండిపోతుంది.

ఇక జనం ఏమని వెతుకుతారన్నది. ఎవరూ “కోటీశ్వరులు అవ్వడం ఖాయం” అని టైపు చేసి వెతకరు. రాశి పేరు, సంవత్సరమో నెలో, దానికి తోడు ఒక గ్రహం పేరో, ఉద్యోగం, పెళ్లి లాంటి విషయమో కొడతారు. అందులో చాలామంది తెలుగు మాటని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు: Meena Rasi, Meena Rashi, Elinati Sani, Guru Gochar. పరదేశాల్లో ఉన్న మనవాళ్ల అలవాటు ఎక్కువగా ఇదే. మీ ఛానల్‌కి ఏ మాటలతో వస్తున్నారో ఊహించనక్కర్లేదు. YouTube Studioలో Analytics తెరిచి, Traffic source కింద YouTube search నొక్కితే జనం కొట్టిన మాటలు వరసగా కనిపిస్తాయి. కొత్త ఛానలైతే వెతికే పెట్టెలో ‘మీన రాశి’ అని కొట్టి ఆగండి, కింద వచ్చే సూచనలు కూడా జనం మాటలే. Google Trendsలో YouTube Search ఎంచుకుంటే రెండు రకాల స్పెల్లింగుల్లో ఏది ఎక్కువగా వాడుతున్నారో పోల్చుకోవచ్చు. ట్యాగుల మీద గంటలు ఖర్చు పెట్టనక్కర్లేదు. తప్పు స్పెల్లింగులకి తప్ప వాటి పాత్ర చాలా తక్కువని యూట్యూబే చెబుతోంది.

ఇప్పుడు ఒక వీడియో తీసుకుని చివరిదాకా చూద్దాం. 2026 జూన్ 2న దృక్ గణితం ప్రకారం గురువు మిథునం నుంచి కర్కాటకంలోకి మారతాడు, అక్టోబరు 31న సింహంలోకి వెళతాడు. మీన రాశి వాళ్లకి కర్కాటకం ఐదో ఇల్లు. గోచారంలో గురువు 2, 5, 7, 9, 11 ఇళ్లలో ఉంటే గురుబలం ఉందంటారు. పైగా కర్కాటకం గురువుకి ఉచ్చస్థానం. ఇంతవరకే చూస్తే సంబరమే. కానీ అదే కాలంలో శని మీనంలోనే, అంటే వాళ్ల జన్మరాశి మీదే ఉన్నాడు. ఏలినాటి శని ఏడున్నరేళ్లలో నడిమి భాగం అది.

ఈ వీడియోకి బజారు పద్ధతిలో వచ్చే పేరు ఇలా ఉంటుంది:

“షాకింగ్! మీన రాశి వారికి జూన్ 2 నుంచి పట్టిందల్లా బంగారమే, కోటీశ్వరులు అవ్వడం ఖాయం 100%”

హామీ సంగతి అటుంచితే, ఇందులో పెద్ద లోపం ఏలినాటి శనిని దాచేయడం. మీన రాశి మనిషి మనసులో ఆ రోజుల్లో తిరిగే ప్రశ్న అదే కదా. శని మధ్యలో ఉండగా గురువు వచ్చి ఏం చేస్తాడు? నిజమైన ఆకర్షణ ఆ ప్రశ్నలోనే ఉంది. బంగారం, కోట్లు పైపూత.

మొదటి ప్రయత్నంగా ఇలా రాయవచ్చు:

“మీన రాశి 2026: జన్మ శనిలో గురుబలం | జూన్ 2 నుంచి పెళ్లి, ఉద్యోగం | Meena Rasi”

ముందు సగం బాగుంది. రాశి, సంవత్సరం, రెండు గ్రహాల మధ్య లాగులాట అన్నీ 33 అక్షరాల్లో వచ్చేశాయి, ఫోన్లో పూర్తిగా కనపడతాయి. తప్పు రెండో భాగంలో ఉంది. “జూన్ 2 నుంచి పెళ్లి, ఉద్యోగం” అన్నది చదివేవాడికి జూన్ 2 నుంచి ఆ రెండూ వస్తాయన్నట్టే వినపడుతుంది. ‘ఖాయం’ అన్న మాట లేకపోయినా హామీ దూరింది. తేదీ పక్కన కోరికని నిలబెడితే ఎప్పుడూ ఇదే జరుగుతుంది. అందుకని తేదీని గ్రహానికే అంటిపెట్టి ఉంచాలి, లేదా తీసేయాలి. ఇక్కడ తీసేద్దాం:

“మీన రాశి 2026: జన్మ శనిలో గురుబలం | పెళ్లి, ఉద్యోగంపై గోచారం ఏమంటోంది? | Meena Rasi Guru Gochar”

ఖాళీలు, గీతలతో సహా 95. చెప్పేది గోచారమని చదివేవాడికి తెలుస్తోంది, ఏ రెండు విషయాలు మాట్లాడతారో తెలుస్తోంది. ఇంగ్లిషు అక్షరాల్లో వెతికేవాళ్ల కోసం చివర ఒక ముక్క ఉంది. నష్టం ఒకటి మిగిలింది. ‘ఏలినాటి శని’ అన్నది జనం ఎక్కువగా వాడే మాట, దానికి చోటు దొరకలేదు. దాన్ని వివరణ మొదటి వాక్యంలో పెట్టాలి: “2026 జూన్ 2న గురువు కర్కాటకంలోకి వస్తున్నాడు. ఏలినాటి శని నడుస్తున్న మీన రాశివారికి (పూర్వాభాద్ర 4వ పాదం, ఉత్తరాభాద్ర, రేవతి) దృక్ గణిత పంచాంగం ప్రకారం సామాన్య గోచార ఫలాలు ఇవి. వ్యక్తిగత జాతకాన్ని బట్టి మారతాయి.” నక్షత్రాల పేర్లు రాయడం వృథా కాదు. తన రాశి ఏదో తెలియకపోయినా తన నక్షత్రం తెలిసినవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు, వాళ్లు ‘రేవతి నక్షత్రం 2026’ అనే వెతుకుతారు.

మంచి కాలానికి పేరు పెట్టడం తేలికే. అసలు పరీక్ష చెడు కాలానిది. అదే 2026 జూన్‌లో సింహ రాశికి శని ఎనిమిదో ఇంట, గురువు పన్నెండో ఇంట. అష్టమ శని, వ్యయ గురువు. గోచారం రెండూ అనుకూలం కావంటుంది. ఇలాంటి చోట “ప్రాణగండం”, “ఈ తప్పు చేస్తే సర్వనాశనం”, “రాత్రి 12 లోపు ఇది చేయండి” అని పేర్లు పెడతారు. ఇవి కూడా హామీలే, భయానికి సంబంధించినవి. నా దృష్టిలో ఆశ చూపే హామీ కన్నా ఇవి ఎక్కువ చెడు చేస్తాయి, ఎందుకంటే భయపడిన మనిషి వెంటనే డబ్బు తీస్తాడు. అదే కాలానికి “సింహ రాశి 2026: అష్టమ శని, వ్యయ గురువు | ఖర్చులు, ప్రయాణాల్లో ఏ జాగ్రత్తలు?” అని పెడితే సంగతి దాచినట్టూ కాదు, బెదిరించినట్టూ కాదు. జాగ్రత్త అన్న మాటకి మన జనంలో మంచి గిరాకీ ఉంది, భయానికి ఉన్నంత.

పరిహారాల దగ్గర చట్టం కూడా అడ్డొస్తుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం తాయెత్తు, మంత్రం, కవచం లాంటివాటితో రోగాలు నయమవుతాయని ప్రకటించడం నేరం. వీడియోలో యంత్రమో రత్నమో అమ్ముతూ “ఇది ధరిస్తే షుగర్ మాయం” అన్నట్టు పేరు పెడితే అది ఇక రాశిఫలం కాదు, ఆ చట్టం కిందికి వచ్చే ప్రకటన. అమ్మకం ఉన్నప్పుడు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని తప్పుదోవ పట్టించే ప్రకటనల నిబంధనలూ వర్తిస్తాయి. ఆరోగ్యం గురించి మాట్లాడే వీడియోల్లో శీర్షిక ‘ఆరోగ్యం’ దగ్గరే ఆగిపోవాలి. జబ్బు పేరు, నయమవుతుందన్న మాట ఉండకూడదు.

యూట్యూబ్ సొంత నియమాలు కూడా శీర్షికకీ థంబ్‌నెయిల్‌కీ కలిపే వర్తిస్తాయి. వీడియోలో లేనిదాన్ని ఉందన్నట్టు చూపించి నొక్కించడం దాని విధానాలకి విరుద్ధం. శీర్షిక బుద్ధిగా రాసి, థంబ్‌నెయిల్ మీద నోట్ల కట్టల పక్కన “రాజయోగం ఖాయం” అని ఎర్ర అక్షరాలు వేస్తే చేసిన పని అంతా వృథా. థంబ్‌నెయిల్ మీద కూడా సూత్రం అదే. ఖాయమైనదాన్నే పెద్దగా రాయాలి. మన మీన రాశి వీడియోకి “శని + గురువు”, కింద “జూన్ 2” చాలు. ఈ చిత్రం మీద తేదీ ఉండవచ్చు, ఎందుకంటే దాని పక్కన ఉన్నది గ్రహాలే కానీ కోరికలు కావు. ప్రశ్నార్థకం తగిలించి తప్పించుకోవడం ఇంకో అలవాటు. “కోటీశ్వరులు అవుతారా?” అన్నదానికి వీడియోలో జవాబు ‘అవుతారు’ అయితే ఆ గుర్తు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. వీడియోలో రెండు వైపులా తూచి చెప్పినప్పుడే ప్రశ్న ప్రశ్నగా నిలుస్తుంది.

పేరు పని చేస్తోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? చాలామంది చూసేది ఒక్క CTR, అంటే వీడియో కనపడిన వందసార్లలో ఎన్నిసార్లు నొక్కారో చెప్పే అంకె. యూట్యూబ్‌లో సగం ఛానళ్లకీ వీడియోలకీ అది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతుంది. దీన్ని ఒంటరిగా చూస్తే ‘ఖాయం’ పేర్లే గెలిచినట్టు కనిపిస్తాయి. దాని పక్కనే audience retention గీత తెరవాలి. మొదటి 30 సెకన్లు దాటేసరికి ఎంతమంది మిగిలారో అక్కడ కనిపిస్తుంది. నొక్కినవాళ్లు ఎక్కువగా ఉండి, ఆ అర నిమిషంలో గీత నిట్టనిలువునా పడిపోతే పేరు ఒకటి చెప్పి వీడియో ఇంకొకటి చెప్పిందని అర్థం. కోట్లు వస్తాయని వచ్చినవాడు “ముందుగా గ్రహస్థితి చూద్దాం” వినగానే వెళ్లిపోయాడు. నొక్కినవాళ్లు తక్కువ ఉండి, వచ్చినవాళ్లు చివరిదాకా ఉంటే వీడియో బాగుంది, పేరు చప్పగా ఉంది. అప్పుడు పేరు మొదటి ముక్క మార్చి చూడాలి. వీడియో అసలు ఎవరికీ కనపడకపోతే జనం వాడే మాట పేరులో లేదు, వెతుకులాట మాటల జాబితాకి మళ్లీ వెళ్లాలి. ఈ మూడింటికీ మందు వేరు. యూట్యూబ్ కూడా Test & compareలో రెండు మూడు థంబ్‌నెయిళ్లని పోటీకి పెట్టినప్పుడు ఎక్కువమంది నొక్కినదాన్ని కాకుండా, ఎక్కువసేపు చూసినదాన్ని గెలిపిస్తుంది.

పేరు మార్చినంత మాత్రాన మొదటి వారంలో అంకెలు పెరగవు, కొన్నిచోట్ల తగ్గుతాయి కూడా. ‘షాక్’ కోసం వచ్చే జనం రావడం మానేస్తారు. వాళ్ల స్థానంలో వెతుక్కుంటూ వచ్చేవాళ్లు నెమ్మదిగా పెరుగుతారు. ఈ నెమ్మది వీడియోలే ఎక్కువకాలం నిలుస్తాయి. “ఏలినాటి శని అంటే ఏమిటి? మీ రాశికి ఉందో లేదో ఎలా చూసుకోవాలి” అన్న పేరుతో ఒక వీడియో ఉంటే, శని రాశి మారిన ప్రతిసారీ కొత్త జనం దాని దగ్గరికి వస్తారు. శని ఇంచుమించు రెండున్నరేళ్లకోసారి మారతాడు. “జూన్‌లో కోటీశ్వరులు” అన్న వీడియో జూలై రాగానే ఛానల్‌కి బరువవుతుంది, కింద వ్యాఖ్యల్లో “స్వామీ, నాకేమీ రాలేదు” అన్న మాటలు చేరుతుంటాయి. చాలా ఛానళ్లు అలాంటి వీడియోలని గుట్టుగా తీసేస్తాయి.

ఆ గోదావరి పెద్దాయన ఛానల్లో ఇప్పుడు పేర్లు ఆయనే రాస్తున్నారు. ఎక్కించే ముందు కుర్రాడికి చదివి వినిపిస్తారు. “ఇందులో నేను మైకు ముందు అనని మాట ఏదైనా ఉందా, చూడరా” అని అడుగుతారు. ఉంటే కొట్టేస్తారు. దశ సంగతి అడుగుతూ వచ్చే వ్యాఖ్యలకి మాత్రం ఆయన జవాబు మారలేదు: పుట్టిన తేదీ, సమయం, ఊరు లేకుండా చెప్పలేను నాయనా, వాటిని ఇక్కడ అందరికీ కనపడేలా రాయకండి.